జిగురు అట్ట చెప్పే లెక్క

“పెస్ట్ కంట్రోల్ చేయిస్తున్నారా?” అని ఏ హోటల్ యజమానిని అడిగినా గల్లా సొరుగులోంచి బిల్లుల కట్ట తీసి చూపిస్తారు. నెలకొకటి చొప్పున ఏడాదికి పన్నెండు. డబ్బు కట్టారని, ఎవరో వచ్చి మందు కొట్టి వెళ్లారని వాటిని చూస్తే తెలుస్తుంది. ఆ వంటగదిలో బొద్దింకలు ఏ మూల ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి, కిందటి నెలకన్నా తగ్గాయా పెరిగాయా అన్నది మాత్రం వాటిలో ఎక్కడా ఉండదు. మందు కొట్టిన నాలుగు రోజులు ఏమీ కనిపించవు. మూడో వారానికి దోసె పెనం పక్క గోడ మీద మళ్లీ ఒకటి పాకుతుంది. “ఈసారి మందులో నీళ్లు కలిపినట్టున్నారు” అంటారు మాస్టర్ గారు.

2024లో తెలంగాణ ఆహార భద్రతా విభాగం టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్లను వరసగా తనిఖీ చేసి, వంటగదుల్లో కనిపించిందంతా సామాజిక మాధ్యమాల్లో పెట్టింది. ఆ నివేదికల్లో రెండు మాటలు పదేపదే వచ్చాయి. బొద్దింకలు ఉన్నాయన్నది ఒకటి, పెస్ట్ కంట్రోల్ రికార్డులు లేవన్నది రెండోది. చదివినవాళ్లకు మొదటిదే పెద్ద తప్పుగా, రెండోది కాగితాల లోపంగా కనిపించి ఉంటుంది. నేను మాత్రం రెండూ ఒకే తప్పు అంటాను. లెక్క రాయని వంటగదిలో పురుగు ఎక్కడ కాపురముందో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు మందు ఎక్కడ కొట్టినా గాల్లో కొట్టినట్టే.

ఆ లెక్క ఎలా రాయాలో, రాశాక ఎలా చదవాలో చెప్పడానికే ఈ వ్యాసం. హోటల్ వంటగదిలో అన్నిటికన్నా మొండి పురుగు చిన్న బొద్దింక కాబట్టి ఎక్కువ భాగం దాని గురించే చెబుతాను.

మన ఇళ్లలో, హోటళ్లలో కనిపించే బొద్దింకలు ముఖ్యంగా రెండు రకాలు. మ్యాన్‌హోళ్లలో, మురుగు కాలువల్లో బతుకుతూ అప్పుడప్పుడు జాలీ సందులోంచి పైకొచ్చే ఎర్రటి పెద్దది అమెరికన్ బొద్దింక. అది బొటనవేలంత ఉంటుంది. వంటగదిలో తిరిగినా దాని కాపురం బయటే. రెండోది జర్మన్ బొద్దింక. లేత గోధుమ రంగులో, ఒకటిన్నర సెంటీమీటరుకు మించకుండా ఉంటుంది. తల వెనక వీపు మీద రెండు నల్లటి నిలువు చారలుంటే అదే. ఇది పుట్టడం, పెరగడం, చావడం అన్నీ వంటగది లోపలే. వెచ్చదనం, తేమ, నూనె జిడ్డు ఉంటే చాలు, దానికి బయటికి వెళ్లే పనే లేదు.

దీన్ని లొంగదీయడం ఎందుకు కష్టమో దాని గుడ్ల సంగతి తెలిస్తే అర్థమవుతుంది. ఆడ బొద్దింక 30 నుంచి 40 గుడ్లను ఒక గట్టి సంచిలో పెట్టి, ఆ సంచిని తోకకు తగిలించుకునే తిరుగుతుంది. పిల్లలు బయటికి రావడానికి కాస్త ముందు దాకా దాన్ని వదలదు. అలా మోస్తున్నన్నాళ్లు పెద్దగా తినదు, తిరగదు, సందులోనే ఉండిపోతుంది. మందు ఆ సంచి లోపలికి దిగదు. అంటే మందు కొట్టిన రాత్రి బయట తిరుగుతున్నవి చస్తాయి. సందుల్లో సంచులతో కూర్చున్న తల్లులు చాలావరకు మిగులుతాయి. రెండు మూడు వారాల తర్వాత ఒక్కో సంచిలోంచి ముప్పైకి పైగా పిల్లలు బయటికొస్తాయి. మాస్టర్ గారు మూడో వారంలో చూసేది వాటినే. మందులో నీళ్లు కలవలేదు. మందు చేరని చోట గుడ్లు మిగిలాయి, అంతే.

స్ప్రేతో ఇంకో చిక్కు ఉంది. హోటళ్లలో కొట్టే స్ప్రేలు చాలావరకు పైరిథ్రాయిడ్ రకం. వాటిలో చాలావాటి ఘాటు బొద్దింకలను చెదరగొడుతుంది. చావనివి పొయ్యి వెనక నుంచి ఫ్రిజ్ వెనక్కి, అక్కడి నుంచి స్టోరులోకి పాకుతాయి. ఒక మూల ఉన్న కాపురం మూడు మూలలకు విస్తరిస్తుంది. పైగా ఒకే రకం మందును ఏళ్ల తరబడి వాడితే తట్టుకున్నవే మిగిలి, వాటి సంతానమే పెరుగుతుంది.

కాబట్టి మందు కన్నా ముందు జిగురు అట్టలు కావాలి. బజారులో గ్లూ ట్రాప్ అని అడిగితే ఇస్తారు. లోపలి వైపు జిగురు పూసి, చిన్న గుడారంలా మడిచి పెట్టే అట్ట ఇది. బొద్దింకలను పట్టి నిర్మూలించే సాధనం అనుకుంటే నిరాశే మిగులుతుంది. పది పడితే గోడలో వంద ఉంటాయి. మరి దీని పనేమిటి? జ్వరం చూసే థర్మామీటరు పనే. రోజూ చూడాల్సిన పని లేదు, వారానికొకసారి చాలు. చూసేది మాత్రం ఒకే వారం, ఒకే వేళ కావాలి.

ఒక టిఫిన్, భోజనం హోటల్ అనుకుందాం. నలభై మంది కూర్చునే హాలు, వెనక 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు వంటగది, దాని పక్కన చిన్న స్టోరు. ముందు ఒక తెల్లకాగితం మీద ఈ గదుల పటం గీయాలి. కొలతలు సరిగ్గా లేకున్నా ఫరవాలేదు. పొయ్యి, దోసె పెనం, గ్రైండరు, ఫ్రిజ్, అంట్ల తొట్టి, మురుగు జాలీ, స్టోరు తలుపు ఎక్కడున్నాయో తెలిస్తే సరిపోతుంది. పటంలో 12 చోట్ల అంకెలు వేసి, ఆ చోట్లలోనే 12 అట్టలు పెట్టాలి. బొద్దింక నేల మధ్యలో నడవదు, గోడ మూలనే పట్టుకుని పోతుంది. అందుకని అట్ట నోరు గోడకు ఆని ఉండాలి. నీళ్లు చిందే చోట, పిండి రాలే చోట పెడితే జిగురు రెండు రోజుల్లో చచ్చిపోతుంది. అప్పుడు అట్టలో ఏమీ పడదు, మనం బొద్దింకలు లేవని రాసుకుంటాం. అట్ట ఖాళీగా ఉంటే ముందు వేలితో జిగురు పట్టి చూడాలి.

మన హోటల్‌లో మొదటి మంగళవారం రాత్రి లెక్క చూస్తే దోసె పెనం కింద గోడ పక్కనున్న 3వ అట్టలో 38 పడ్డాయి. ఫ్రిజ్ మోటారు దగ్గరున్న 5వ దానిలో 14, గ్రైండరు దగ్గరున్న 8వ దానిలో 6. మిగతా తొమ్మిదింటిలో కలిపి 5. మొత్తం 63. స్టోరులో ఉన్న 11వ అట్ట ఖాళీ.

అంకె ఒక్కటే రాస్తే సగం సమాచారం పోయినట్టే. పెద్దవెన్ని, రెక్కలు రాని పిల్లలెన్ని అని విడిగా రాయాలి. 3వ అట్టలోని 38లో 29 చిన్న పిల్లలే అనుకోండి. చిన్న పిల్ల పుట్టిన సందు నుంచి ఎక్కువ దూరం పోదు. కాబట్టి ఆ అట్టకు మూడు నాలుగు అడుగుల లోపే గూడు ఉంది. పిల్లలు లేకుండా పెద్దవే పడుతుంటే అవి వేరే చోట నుంచి వస్తున్నాయని అర్థం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఆరో వారంలో మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు గూడు వెతకాలి. హోటల్ మూసి, దీపాలార్పి, అరగంట ఎవరూ కదలకుండా ఉండి, ఆ తర్వాత టార్చితో దోసె పెనం బల్ల కిందికి వంగి చూడాలి. వెలుగు పడగానే అవి ఎటు పరుగెత్తుతాయో అటే గూడు. పగలైతే గుర్తులు చూడాలి. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు వాటి రెట్టలు. గోధుమ రంగు పొట్టు అవి విడిచిన కుబుసం. చిన్న బీన్స్ గింజలాంటి ఖాళీ సంచులుంటే అక్కడ గుడ్లు పగిలాయని అర్థం. రెట్టల వాసన మిగతావాటిని కూడా ఆ చోటికే పిలుస్తుంది. అందుకే మందు పెట్టే ముందు ఆ చుక్కలను కడిగి తీసేయడం అలంకారం కోసం చేసే పని కాదు.

సందు ఎంత ఉంటే చాలన్నది చాలామందికి నమ్మశక్యం కాదు. పెద్ద బొద్దింకకు అర సెంటీమీటరు ఉంటే హాయిగా ఉంటుంది. అప్పుడే పుట్టిన పిల్లకు రూపాయి బిళ్ల మందమంత సందు చాలు. స్టీలు బల్ల అంచు లోపలికి మడిచిన చోట, బల్ల కాలు గొట్టంలో, గోడకు బిగించిన స్టీలు రేకు వెనక, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలో, స్విచ్ బోర్డు లోపల, గోడలో పైపు దూరిన కన్నం చుట్టూ రూపాయి బిళ్ల పట్టుకుని తిరిగి చూడండి. అది దూరిన ప్రతి చోటా పటం మీద గుర్తు పెట్టండి. మన హోటల్‌లో దోసె పెనం వెనక గోడకు వేసిన స్టీలు రేకు అంచు ఊడి ఉంది. వెనక వెచ్చగా ఉంటుంది, నూనె కారుతుంది, ఎవరి చెయ్యీ పోదు. 38కి కారణం అదే.

పని ఒక వరసలో చేయాలి. ముందు రేకు విప్పి, వేడి నీళ్లు, సబ్బుతో జిడ్డు వదిలేదాకా కడిగి ఆరబెట్టాలి. వాక్యూమ్ ఉంటే కనబడ్డవాటిని, రెట్టలను అప్పుడే పీల్చేయడం మేలు. తర్వాత జెల్ పెట్టాలి. జెల్ అంటే తీపి వాసనతో ఉండే ఎరలో ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ లాంటి విషం అతి తక్కువ పాళ్లలో కలిపి సిరంజిలో నింపినది. తిన్న బొద్దింక వెంటనే చావకపోవడమే దీని బలం. అది గూటికి వెళ్లి రెట్ట వేస్తుంది, అక్కడే చస్తుంది. బయటికి రాని పిల్లలు ఆ రెట్టను, ఆ శవాన్ని తిని తామూ చస్తాయి. స్ప్రే చేరని చోటికి విషాన్ని బొద్దింకే మోసుకెళ్తుంది.

జెల్ పెట్టేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకచోట పెద్ద ముద్ద పెట్టడం. పెసరగింజంత బొట్లు చాలు, చాలా చోట్ల కావాలి. గూటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. పెనం వేడి తగిలే చోట పెడితే పూటలో ఎండి గట్టిపడుతుంది. నీళ్లతో కడిగే చోట పెడితే కొట్టుకుపోతుంది. తిండి తగిలే బల్ల మీద, గిన్నెల మీద ఎప్పుడూ పెట్టకూడదు. జెల్ పనిచేయాలంటే ఆ రాత్రి వంటగదిలో దానికి పోటీ ఉండకూడదు. పెనం కింద చట్నీ మరకలు, గ్రైండరు చుట్టూ ఎండిన పిండి ఉంటే బొద్దింక అవే తింటుంది. నీటి సంగతీ అంతే. తిండి లేకున్నా నీరు దొరికితే ఈ బొద్దింక వారాల తరబడి బతుకుతుంది. నీరు దొరకకపోతే రెండు వారాలు బతకడమూ కష్టమే. కాబట్టి రాత్రి తాళం వేసే ముందు అంట్ల తొట్టి తుడిచి ఆరబెట్టడం, తడి గుడ్డలు బల్ల మీద ముద్దగా వదలకుండా తీగ మీద వేయడం, కారే కుళాయి బాగుచేయించడం మందుతో సమానం.

రెండో మంగళవారం లెక్క. 3వ అట్టలో 11, 5వ దానిలో 9, 8వ దానిలో 4, మిగతావాటిలో 3. మొత్తం 27. మూడో వారం 3వ అట్టలో 6, 8వ దానిలో 1, మిగతావాటిలో 1. ఫ్రిజ్ దగ్గరి 5వ అట్టలో మాత్రం మళ్లీ 9. మొత్తం 17.

మొత్తం అంకె ఒక్కటే చూసే యజమాని సంతోషించి ఊరుకుంటాడు. 63 నుంచి 17కి వచ్చింది మరి. విడివిడిగా చూసేవాడికి 5వ అట్ట గుచ్చుకుంటుంది. అదే జెల్, అదే రోజు, అదే చెయ్యి పెట్టింది. ఇక్కడెందుకు తగ్గలేదు? ఫ్రిజ్ జరిపి చూస్తే జెల్ బొట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ఒక్కటీ కొరికినట్టు లేదు. క్లీనరు కుర్రాణ్ని అడిగితే సంగతి బయటపడింది. “అన్నా, నేను రోజూ పడుకునే ముందు ఫ్రిజ్ వెనక స్ప్రే కొడుతూనే ఉన్నా కదా!” పాపం, మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. ఆ స్ప్రే జెల్ మీద పడింది. ఘాటుకు బొద్దింక జెల్ దగ్గరికే రాలేదు. జెల్ పెట్టిన వంటగదిలో స్ప్రే డబ్బా, చాక్‌పీసులా గీసే మందు రెండూ ఉండకూడదు. ఆ కుర్రాడికి ఈ మాట ముందే ఎవరూ చెప్పకపోవడం పై వాళ్ల తప్పు. ఫ్రిజ్ వెనక కడిగి, ఆరబెట్టి, జెల్ కొత్తగా పెట్టారు. పనిలో పనిగా మిగతా చోట్లా రెండో విడత పెట్టారు. సంచుల్లోంచి పిల్లలు బయటికొచ్చే వేళ ఇదే కాబట్టి రెండు మూడు వారాలకు ఈ విడత తప్పదు. నాలుగో వారం 3వ అట్టలో 4, 5వ దానిలో 3, 8వ దానిలో 1. మొత్తం 8. ఎండిన సందులను సిలికాన్‌తో, గోడ కన్నాలను సిమెంటుతో మూసింది అప్పుడే. ముందే మూసి ఉంటే లోపలున్నవి మరో దారి వెతుక్కునేవి.

కడిగినా, స్ప్రే ఆపినా, జెల్ తాజాగా ఉన్నా బొద్దింకలు దాన్ని ముట్టకపోవడం కూడా జరుగుతుంది. తీపి ఎరలను ఏళ్ల తరబడి వాడిన చోట గ్లూకోజు రుచిని అసహ్యించుకునే జర్మన్ బొద్దింకలు తయారయ్యాయని అమెరికాలో పరిశోధకులు కనిపెట్టారు. వాటి నాలుకకు గ్లూకోజు చేదుగా తగులుతుందని 2013లో తేల్చారు. అలాంటప్పుడు ఎర తయారీ, లోపలి విషం రెండూ వేరైన జెల్‌కు మారాలి. ఏ జెల్ ఎప్పటి నుంచి వాడుతున్నారో రికార్డులో లేకపోతే దేనికి మారాలో కూడా తెలియదు.

ఆరో వారంలో కొత్త సంగతి. 3లో 1, 5లో 1. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న స్టోరులోని 11వ అట్టలో 5. అయిదూ పెద్దవే, వాటిలో ఒకదాని తోకకు గుడ్ల సంచి ఉంది. పిల్లలు ఒక్కటీ లేవు. ముందు చెప్పుకున్న తేడా ఇక్కడ పనికొస్తుంది. ఇవి స్టోరులో పుట్టినవి కావు, బయట నుంచి వచ్చాయి. సరుకు పుస్తకం తిరగేస్తే ఆ వారం కూల్‌డ్రింకుల అట్టపెట్టెలు, గుడ్ల అట్టలు దిగినట్టు ఉంది. ముడతల అట్టలో రెండు పొరల మధ్య ఉండే గొట్టాలు చిన్న బొద్దింకకు కొలిచి కట్టిన ఇల్లు. టోకు గోడౌన్‌లో ఎక్కితే మన స్టోరులో దిగుతుంది. సంచితో వచ్చిన ఆ ఒక్క ఆడది అట్టలో పడకపోయి ఉంటే నెల తిరిగేసరికి స్టోరులో కొత్త ఊరు వెలిసేది.

ఈ నిల్వ గది విషయం హోటళ్లలో ఎవరికీ పట్టదు. అందుకే కాస్త ఎక్కువగా చెబుతాను. మొదటి నియమం, అట్టపెట్టె స్టోరు గడప దాటకూడదు. సరుకు దిగగానే గుమ్మం బయటే విప్పి, కడిగిన ప్లాస్టిక్ క్రేట్లలోకి మార్చి, ఖాళీ పెట్టెలను అదే పూట పంపేయాలి. పాత పేపర్లు, పార్సిల్ కవర్ల కట్టలు, విరిగిన కుర్చీ, పాడైన మిక్సీ స్టోరులో ఉంటే అవన్నీ బొద్దింకలకు వసతి గదులే. రెండోది, ఏదీ నేల మీద, గోడకు ఆనించి పెట్టకూడదు. బస్తాలు అరడుగు ఎత్తు పలకల మీద, గోడకు కనీసం అడుగు ఎడంగా ఉండాలి. ఆహార భద్రతా నిబంధనలు కూడా నేలకు, గోడకు ఎడం ఉండాలనే చెబుతాయి. ఎడం గాలి కోసమే అనుకుంటారు చాలామంది. నిజానికి టార్చి వెలుగు, చీపురు, మనిషి చూపు గోడ మూలకు చేరాలంటే ఆ అడుగు కావాలి. గోడ వెంట నేలకు తెల్లరంగు పట్టీ వేయిస్తే ఇంకా మంచిది. ఎలుక పెంటిక పడ్డా, బొద్దింక రెట్ట పడ్డా మర్నాడే కనిపిస్తుంది.

మూడోది బియ్యం, పప్పులు, రవ్వ, మైదా. వీటికి పట్టే పురుగుది వేరే కథ. బియ్యంలో కనిపించే ముక్క పురుగు గింజకు కన్నం చేసి లోపల గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది. పిల్ల లోపలే పెరుగుతుంది, కాబట్టి బస్తా కొన్న రోజు ఎంత చూసినా ఏమీ కనిపించదు. మన ఎండల్లో నెల తిరిగేసరికి బయటికొస్తుంది. మైదా, రవ్వలో పట్టే ఎర్ర పిండిపురుగు ఎక్కువైతే పిండికి ఘాటు వాసన వస్తుంది, రంగు మారుతుంది. జల్లించినంత మాత్రాన ఆ వాసన పోదు, పారేయాల్సిందే. ఈ పురుగులను పెంచేది హోటళ్లలో ఒకే ఒక్క అలవాటు. డబ్బాలో పిండి సగమయ్యాక పైన కొత్త పిండి పోయడం. అడుగున ఉన్నది నెలల తరబడి కదలదు, పురుగుకు అదే పుట్టిల్లు. డబ్బా పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, ఆరాకే కొత్తది పోయాలి. ప్రతి బస్తా మీద దిగిన తేదీ లావు పెన్నుతో రాయాలి, ముందు వచ్చింది ముందు వాడాలి. రవ్వ, మైదా రెండు వారాలకు సరిపడా కొంటే పురుగుకు పెరిగే వ్యవధే ఉండదు. వేపాకు వేశాం కదా అంటారు కొందరు. గింజ లోపలున్న పిల్లను ఆకు వాసన ఏమీ చేయలేదు.

ఒక ప్రమాదం ఇక్కడే చెప్పాలి. బియ్యం గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు కొందరు తెచ్చి స్టోరులో పెడుతుంటారు. గాలిలోని తేమ తగిలితే అవి ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. ఆ వాయువు తలుపు సందుల్లోంచి పక్క గదికి పాకి నిద్రలోనే ప్రాణాలు తీస్తుంది. మన దేశంలో ఇళ్లలో ఇలాంటి చావులు జరిగాయి. హోటల్ పనివాళ్లు చాలామంది స్టోరు పక్కనో, పైనో పడుకుంటారు. ఆ బిళ్లలు హోటల్ గడప తొక్కకూడదు.

ఎలుకల సంగతి క్లుప్తంగా చెబుతాను. తలుపు కింద పెన్సిలు దూరితే చుండెలుక దూరుతుంది. బొటనవేలు దూరితే పెద్ద ఎలుక పిల్ల కూడా దూరుతుంది. తలుపు అడుగున రేకు కొట్టించడం, పైపుల చుట్టూ ఉక్కు పీచు కుక్కి సిమెంటు పూయడం, మురుగు జాలీ బిగించడం, ఇవే అసలు మందులు. పెంటిక బియ్యపుగింజంత ఉంటే చుండెలుక. అంతకు రెండు మూడు రెట్లుంటే పెద్దది. గోడ వెంట నల్లటి జిడ్డు గీత ఉంటే అది దాని రోజువారీ దారి. వంటగది లోపల ఎలుక మందు పెట్టకూడదు. తిన్న ఎలుక ఎక్కడో ఫాల్స్ సీలింగ్ పైన చస్తుంది. లోపల బోనులే పెట్టాలి. మందు బయట ప్రహరీ వెంట, తాళం వేసిన పెట్టెల్లోనే ఉండాలి. బోను పెట్టిన మొదటి రెండు రాత్రులు ఏమీ పడకపోతే చోటు మార్చకండి. కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం. బోను తెరిచి ఉంచి, నాలుగు రోజులు ఎర మాత్రం తిననిచ్చి, ఆ తర్వాత మీట బిగించాలి.

ఇక రికార్డు. ఆహార భద్రతా చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2011లో వచ్చిన లైసెన్సు నిబంధనల్లో నాలుగో షెడ్యూలు హోటల్ వంటగది ఎలా ఉండాలో చెబుతుంది. పురుగుల నివారణ, దాని రికార్డు అందులో భాగమే. ఆ ఫైల్లో బిల్లులతో పాటు అట్టల పటం, వారం వారం లెక్క, మందు పెట్టిన ప్రతిసారీ దాని పేరు, పాళ్లు, బ్యాచి నంబరు, పెట్టిన చోట్లు, పెట్టినవాళ్ల సంతకం ఉండాలి. కంపెనీ లైసెన్సు నకలు, మందు లేబులు కూడా జత చేయాలి. మూసిన కన్నాలు, మార్చిన రబ్బరు, బాగుచేసిన కుళాయి తేదీలతో రాయాలి. “దోసె పెనం వెనక రేకు బిగించాలి” అని పెస్ట్ కంట్రోల్ మనిషి రాసి వెళ్తే, ఆ మాట పక్కనే ఎవరు ఏ రోజు బిగించారో కనపడాలి. చాలా ఫైళ్లలో సలహా ఉంటుంది, జవాబు ఉండదు. అదే సలహా ఆరు నెలలు వరసగా కనబడితే ఆ ఫైలు యజమానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది.

దొంగ రికార్డును గుర్తుపట్టడం కష్టం కాదు. నెల రోజుల గళ్లు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, అన్నిటా సున్నాలతో ఉంటాయి. వాడుకలో ఉన్న వంటగదిలో ఏడాది పొడవునా పన్నెండు అట్టలూ ఖాళీగా ఉండవు. వానాకాలంలో మురుగు పొంగినప్పుడు ఒక పెద్ద బొద్దింకైనా, దీపానికి వచ్చిన రెక్కల పురుగులైనా పడాలి. అప్పుడప్పుడు 2, 1, 4 అని కనిపిస్తూ, పక్కన ఏం చేశారో రాసి ఉన్న పుస్తకాన్నే నేను నమ్ముతాను.

అట్టలు వారానికొకసారే చూస్తాం. రోజూ చూసేది పనివాళ్ల కళ్లు. వంటగది తలుపు వెనక ఒక కాగితం వేలాడదీసి, ఎవరికి ఏది కనిపించినా తేదీ, చోటు రాయమనాలి. రాయడం రానివాళ్లు మాస్టరుకు చెబితే ఆయన రాస్తారు. బొద్దింక చూశానని చెప్పిన క్లీనరును “మరి నువ్వేం చేస్తున్నావురా?” అని కసిరితే ఆ కాగితం మర్నాటి నుంచి తెల్లగానే ఉంటుంది.

మన హోటల్ దగ్గరికి మళ్లీ వద్దాం. పదో వారానికి పదకొండు అట్టలు ఖాళీ, జిగురు సరిగ్గానే ఉంది. అంట్ల తొట్టి వెనకున్న 7వ అట్టలో మాత్రం వారానికి రెండో మూడో పడుతూనే ఉన్నాయి. అన్నీ పెద్దవే, పిల్లలు లేవు. తొట్టి కింద గోడలోంచి పైపు అవతలికి వెళ్తుంది, అవతల బేకరీ వంటగది. పైపు చుట్టూ కన్నం సిమెంటుతో మూశారు. తర్వాతి వారం ఒకటే పడింది. గోడ రెండు షాపులకూ ఉమ్మడి, స్విచ్ బోర్డు గొట్టాలు కూడా అటూ ఇటూ వెళ్తాయి. ఒకవైపు ఎంత మూసినా అవతలి గూడు అవతలే ఉంటుంది. ఆ మంగళవారం లెక్క రాశాక యజమాని పుస్తకం చంకలో పెట్టుకుని, రెండు కొత్త జిగురు అట్టలు తీసుకుని, బేకరీ ఆయన షట్టరు దించకముందే పక్క షాపుకి వెళ్లాడు.